‘అర్జంటు’ అనేది కారణం కాదు

"అత్యవసర సమావేశం. ఈ రోజు సాయంత్రం 5 గంటలకు. అంబేద్కర్ బొమ్మ దగ్గర. అందరూ తప్పక హాజరు కావలెను. జై భీమ్."

ఈ కబురు రాసింది ఎవరో కాదు, నేనే. ఇరవై ఏళ్లుగా పిల్లలకు వాక్యం రాయడం నేర్పుతున్నవాణ్ణి. మొన్న మిరప కోతల కాలంలో ఒక మధ్యాహ్నం పన్నెండు గంటలకు దీన్ని మా పల్లె వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరికీ చేరిందనుకున్నాను. చేరింది కూడా. కానీ అర్థం కాలేదు. దాని ఖరీదు ఏమిటో ఆ తర్వాత మూడు వారాలపాటు మా వాళ్లు కట్టారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మనం రోజూ ఎదుటివాడి తప్పులు రాస్తాం. ఈ పక్షం మన తప్పు ఒకటి రాద్దాం.

జరిగిన సంగతి ఇది. వాగు పక్కన మా పల్లెలో 31 కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి ఉంది. దాన్ని ఆనుకుని ఒక పెద్ద రైతు పొలం. ఏటేటా దున్నుతూ దున్నుతూ ఆయన గట్టు మన వైపుకి జరుగుతోంది. గట్టుకి కాళ్లు ఉండవు, నాగలికి ఉంటాయి. కొలతలు వేయమని మావాళ్లు అర్జీలు పెట్టి పెట్టి ఉన్నారు. ఆ రోజు పదకొండు గంటలకు ఫోను వచ్చింది: రేపు ఉదయం పది గంటలకు సర్వేయరు వస్తున్నాడు, పట్టాదారులు హద్దుల దగ్గర ఉండాలి అని.

హద్దుదారులకు ముందుగా నోటీసు ఇచ్చి కొలవాలి. ఇవ్వలేదు. ముందురోజు ఫోను చేసి మరునాడు రమ్మంటే కూలిజనం రాలేరని వాళ్లకి తెలియదా? తెలుసు. ఆ పోరాటం వేరే ఉంది, దాన్ని వదలం. కానీ వాళ్లు ఇరవై మూడు గంటల గడువు ఇచ్చారు. అందులో మిగిలిన కొద్ది టైమునీ నా చేతులతో నేనే పాడు చేశాను. ఈ వ్యాసం దాని గురించి.

అయిదు గంటలకి బొమ్మ దగ్గరికి వచ్చింది పదిహేడు మంది. అందులో పట్టా ఉన్న ఇళ్లవాళ్లు ఆరుగురే. మిగతావాళ్లు పని లేక ఊళ్లో ఉన్న కుర్రోళ్లు, ముసలివాళ్లు, ఇద్దరు పార్టీవాళ్లు. పట్టాలు ఎక్కువగా ఆడవాళ్ల పేరు మీద ఉన్నాయి. ఆ ఆడవాళ్లు పొద్దున ఆరున్నరకే ఆటో ఎక్కి పది కిలోమీటర్ల అవతల కాయ కోతకి పోయారు. వాళ్లు ఇంటికొచ్చేది సాయంత్రం ఆరు దాటాక. నేను పెట్టిన టైము అయిదు! బడి నాలుగింటికి వదుల్తారు కాబట్టి అయిదు నాకు వీలు. నా వీలుని ఊరి వీలు అనుకున్నాను.

ఇక రానివాళ్లు ఏమనుకున్నారో తర్వాత ఇల్లిల్లూ తిరిగి అడిగాను. ఒకామె, జయంతికి చందాలు అడుగుతారేమో అనుకుంది. ఇంకొకరు, మొన్న కుర్రోళ్ల గొడవలో పోలీసులు పేర్లు రాసుకున్నారట, దాని గురించేమో అనుకుని కొడుకుని చెల్లెలి ఊరికి పంపేశారు. ఒకాయన అయితే, "ఎలక్షన్ మీటింగు అనుకున్నా మాస్టారూ, నాకెందుకులే అని పడుకున్నా" అన్నాడు. ఆయన పట్టా పొలం సరిగ్గా ఆ గట్టు పక్కదే.

మరునాడు ఆ ఆరుగురే నిలబడ్డారు. గొలుసు లాగారు, రాళ్లు చూశారు, పంచనామా రాశారు. అందులో "మిగిలిన పట్టాదారులు హాజరు కాలేదు" అని ఒక ముక్క పడింది. ఆ ఒక్క ముక్క చేత పట్టుకుని అవతలివాళ్లు, వీళ్లకే అక్కర లేదు, మాకెందుకు అన్నారు. మళ్లీ కొలిపించుకోవడానికి మూడు వారాలు ఆఫీసు చుట్టూ తిరిగాం. తిరిగిన ప్రతి రోజూ ఎవరో ఒకరి కూలి పోయింది.

అప్పుడు మా పెద్దమ్మ వరసయ్యే ఆమె నన్ను నిలబెట్టి అడిగింది: "అబ్బయా, అందరూ రావాలహో అని మీ తాత కూడా డప్పు కొట్టేవాడు. ఎందుకు రావాలో ఆయనకీ చెప్పేవాళ్లు కాదు. నువ్వు చదువుకుని కూడా అదే చేస్తే ఎట్లా?"

నాకు ఆ మాట ఇప్పటికీ లోపల గుచ్చుకుంటోంది. నిజమే కదా. ఊళ్లో చాటింపు వేసే పని తరతరాలుగా ఎవరిది? మనది. డప్పు మనది, గొంతు మనది, ఎండలో నడిచే కాళ్లు మనవి. మాట మాత్రం మనది కాదు. కరణమో మునసబో చెప్పింది చెప్పినట్టు అరవడమే మన పని. ఆ మాటలో హుకుం ఉంటుంది, వేళ ఉంటుంది, రాకపోతే ఏం చేస్తారో ఉంటుంది. ఎందుకన్నది ఉండదు. ఎందుకంటే పెత్తందారు కూలివాడికి కారణం చెప్పనక్కర లేదు. పిలిస్తే రావాలి, అంతే.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. చదువు నాకు ఇంకో చాటింపు నేర్పింది. ఆఫీసు సర్క్యులర్ భాష. "హాజరు కావలెను", "విధిగా", "తప్పక". తాత మెడలో డప్పు ఉంటే నా చేతిలో ఫోను ఉంది, అంతే తేడా. మన జనాన్ని మనం పిలుచుకునేటప్పుడు కూడా దొర గొంతుతో పిలిస్తే ఇక మన ఉద్యమానికీ దొరతనానికీ తేడా ఏమిటి?

మూడు వారాల తర్వాత సర్వేయరు రెండోసారి వస్తున్నాడని మళ్లీ ముందురోజే కబురొచ్చింది. అదే గడువు. ఈసారి నేను ఒక్కణ్ణే కూర్చుని రాయలేదు. పెద్దమ్మ, ఒక ముఠా మేస్త్రి, పదో తరగతి చదివే ఒక పిల్ల, నేను, నలుగురం చర్చి అరుగు మీద కూర్చుని ఇలా రాశాం:

"రేపు ఉదయం 10 గంటలకు సర్వేయరు వాగు పక్కన మన 31 పట్టాల భూమి కొలవడానికి మళ్లీ వస్తున్నాడు. ఈ కబురు ఇవ్వాళ 11 గంటలకే అందింది. హద్దు దగ్గర పట్టాదారు లేకపోతే పోయినసారిలాగే ‘రాలేదు’ అని రాసుకుంటారు. రేపు ఏ ఇంటి నుంచి ఎవరు నిలబడాలి, ఎవరి దగ్గర ఏ కాగితం ఉంది, ఈ రెండూ ఈ రాత్రే తేల్చుకోవాలి. రాత్రి 7:30కి చర్చి ముందు మొదలు, 8:15కి అయిపోతుంది. ఆ 31 ఇళ్ల నుంచి ఇంటికొకరు చాలు. ఆడవాళ్లయినా సరే, మగవాళ్లయినా సరే. పట్టా, పాసుపుస్తకం తెండి. అవి తాకట్టులో ఉంటే జిరాక్సు తెండి, అదీ లేకపోతే ఉత్త చేతులతోనైనా రండి. రేపటి కూలికి మేస్త్రికి మాట ఇవ్వకముందే రండి. రాలేనివాళ్లు 6 గంటల లోపు మాస్టారికి చెప్పండి. చందాలు లేవు. ఎవరి మీదా కేసు లేదు."

ఇది పొడుగ్గా ఉంది కదా అంటారు. ఉంది. మొదటిది పొట్టిగా ఉండి ఏం సాధించింది? ఇందులో ఒక్కో ముక్క ఎందుకు ఉందో చెప్తాను.

మొదటి వాక్యంలో "అత్యవసరం" అన్న మాటే లేదు. దాని బదులు రేపు జరగబోయే పని ఉంది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడికి, దేనికి. రేపు పదింటికి సర్వేయరు అని వినగానే ఇది ఎంత అర్జంటో విన్నవాడే లెక్క కట్టుకుంటాడు. మనం అర్జంటు అని అరవక్కర లేదు. పైగా ప్రతిదానికీ అర్జంటు అని పెడితే నాలుగోసారి ఎవరూ లేచి రారు.

తర్వాత, ఇవ్వాళే ఎందుకు అన్నది. "ఈ కబురు ఇవ్వాళ 11 గంటలకే అందింది" అని రాయకపోతే, వీళ్లకి వారం ముందే తెలిసి ఇప్పుడు చెప్తున్నారని జనం అనుకుంటారు. అనుకోవడం తప్పు కాదు, అలా చేసే నాయకులు మనలోనూ ఉన్నారు. మనకెప్పుడు తెలిసిందో చెబితే ఆ అనుమానానికి చోటుండదు.

మూడోది, ఈ మీటింగులో ఏం తేలాలి అన్నది. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. "భూమి గురించి మాట్లాడుకుందాం" అంటే అది ఉపన్యాసం. ఎవరు నిలబడాలి, ఏ కాగితం ఉంది అంటే అది పని. మనిషి ఇంటి దగ్గరే ఆలోచించుకుని వస్తాడు. రేపు నువ్వు పొలం దగ్గర ఉండు, నేను కోతకి పోతాను అని మొగుడూ పెళ్లాం అన్నం తింటూనే తేల్చుకుంటారు. సగం మీటింగు ఇళ్లల్లోనే అయిపోతుంది.

నాలుగోది టైము. ఇది మేస్త్రి నేర్పిన పాఠం, ఏ పుస్తకంలోనూ లేదు. కూలివాళ్లకి రేపటి రోజు రేపు పొద్దున మొదలవదు. ఈ రాత్రే మొదలవుతుంది. ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య మేస్త్రి ఇల్లిల్లూ తిరిగి రేపు ఎంతమంది వస్తారో తలలు లెక్క పెట్టుకుని ఆటో మాట్లాడుకుంటాడు. ఒకసారి వస్తానని మాట ఇచ్చాక రాకపోతే ఆ ముఠాలో మళ్లీ చోటు ఉండదు. కాబట్టి రేపటి పూట ఖాళీ చేసుకోవాలంటే మేస్త్రి తిరిగే వేళకి ముందే మీటింగు అయిపోవాలి. అటు చూస్తే ఆడవాళ్లు ఆరు దాటాక వస్తారు, నీళ్లు పోసుకుని పొయ్యి మీద ఎసరు పెట్టాలి. ఈ రెండింటి మధ్య దొరికేది ఏడున్నర నుంచి ఎనిమిదింపావు దాకా. మనకి వీలైన టైము అదొక్కటే. అది ఊరు ఇచ్చిన టైము, మాస్టారు పెట్టింది కాదు. మీ ఊళ్లో పని వేరే అయితే టైమూ వేరే అవుతుంది. ముందు ఆ పని వేళలు కనుక్కోండి, గంట తర్వాత రాయండి.

ముగింపు గంట కూడా రాశాం. మన మీటింగులకి మొదలు ఉంటుంది గానీ చివర ఉండదన్న చెడ్డ పేరు ఉంది. ఎనిమిదింపావుకి వదిలేస్తారని తెలిస్తే చంటిపిల్ల తల్లి కూడా పిల్లని పక్కింట్లో పెట్టి వస్తుంది. ఎప్పుడు వదుల్తారో తెలియకపోతే రాదు. రాసిన గంటకి నిజంగా వదిలేయాలి మరి. ఒకసారి తప్పితే రెండోసారి ఆ గంటని ఎవరూ నమ్మరు.

ఇంటికొకరు చాలు అన్నాం. "అందరూ రావాలి" అనడం గొప్పగా వినిపిస్తుంది. కానీ అందరూ రావాలంటే ఎవరూ తప్పనిసరి కాదన్నమాటే. మా పొలం లేని నూరు ఇళ్లవాళ్లని పిలిచి పని చెడగొట్టడం ఎందుకు? 31 ఇళ్లు అని చెబితే ఆ 31 ఇళ్లకీ ఇది మన పిలుపు అని తెలుస్తుంది. కాగితాల సంగతి కూడా అంతే. మన పట్టాలు చాలావరకు వడ్డీ వ్యాపారి పెట్టెలో ఉంటాయి. పట్టా తెండి అని మాత్రమే రాస్తే, తాకట్టు పెట్టినవాడు సిగ్గుపడి ఇంట్లోనే ఉండిపోతాడు. అతనే ముందు రావాల్సినవాడు.

చివరి రెండు ముక్కలు, "చందాలు లేవు, కేసు లేదు" అన్నవి, పోయినసారి పుట్టిన పుకార్లకి జవాబు. కారణం చెప్పని పిలుపు ఖాళీ చోటు లాంటిది. మనం నింపకపోతే భయం నింపుతుంది, లేకపోతే ఎదుటివాడు నింపుతాడు. 1927 మార్చి 20న మహాడ్‌లో జరిగింది గుర్తు చేసుకోండి. బాబాసాహెబ్ వెంట మనవాళ్లు చవదార్ చెరువు నీళ్లు తాగి శాంతంగా వెనక్కి వచ్చారు. ఇంతలో ఊళ్లో ఒక పుకారు పుట్టించారు, వీళ్లు ఇక వీరేశ్వరాలయంలోకి దూరబోతున్నారని. అబద్ధం. అయినా ఆ అబద్ధం విని కర్రలు పట్టుకుని వచ్చి మనవాళ్ల మీద పడ్డారు. ఒక్క పూటలో జనాన్ని పోగుచేయడం అబద్ధానికి చాలా తేలిక. నిజానికి అంత తేలిక కాదు, దానికి వివరం కావాలి. అందుకే మన పిలుపు పొడుగ్గా ఉంటుంది.

రాయడంతో పని అయిపోలేదు. గ్రూపులో ఉన్న ఫోన్లు కుర్రోళ్లవి. పట్టాలున్న ఆడవాళ్లలో చాలామందివి బటన్ల ఫోన్లు, కొందరికి అవీ లేవు. మాట నోటి వెంట పోవాలి. అందుకని రాసిన చీటీని ముందు ఆ పదో తరగతి పిల్ల చేత ఒక్కసారి పైకి చదివించి, విన్న ఇంకో పిల్లవాణ్ణి ఏం విన్నావో చెప్పరా అన్నాం. వాడు, "రేపు సర్వేయరు, రాత్రి ఏడున్నర చర్చి, కాగితాలు" అన్నాడు. మిగతాది మర్చిపోయాడు. నోటి వెంట నిలిచేవి మూడు ముక్కలే అని అర్థమైంది. ఆ మూడూ సరైనవే కాబట్టి ధైర్యం వచ్చింది. మొదటి చీటీ చదివి ఉంటే ఆ పిల్లవాడు ఏం చెప్పేవాడు? "అత్యవసరమంట" అని.

ఆడవాళ్లు చేలో ఉండగానే మేస్త్రికి ఫోను చేసి కబురు అందించాం. ఆటోలో ఇంటికి వస్తూనే వాళ్లు మాట్లాడుకున్నారు. బడి వదిలాక ఇద్దరు పెద్దవాళ్లు 31 ఇళ్లకీ చీటీ పట్టుకుని తిరిగి, చెప్పిన ఇంటికల్లా ఒక గీత పెట్టారు. అయిదు ఇళ్లవాళ్లు రాలేమన్నారు. ఒకరు ఆస్పత్రిలో ఉన్నారు, ఇద్దరు హైదరాబాద్‌లో పనిలో ఉన్నారు, మరో రెండిళ్లు చావుకి వెళ్లాయి. ఆ అయిదింటి తరఫున పొలం దగ్గర ఎవరు మాట్లాడతారో మీటింగులోనే తేల్చాం. రాలేనివాణ్ణి ద్రోహి అనకుండా అతని పని ఇంకొకరు మోయడమే సంఘం అంటే. రాత్రి తొమ్మిదికల్లా ఏం తేలిందో మూడు వాక్యాల్లో మళ్లీ అందరికీ పంపాం, రానివాళ్లకి కూడా.

ఆ రాత్రి ఇరవై ఆరు ఇళ్లవాళ్లు వచ్చారు. మరునాడు ఇరవై ఆరుగురు గట్టు మీద నిలబడ్డారు. మిగతావాళ్లు కూలికి పోయారు, ఎవరి పూటా అనవసరంగా పోలేదు. ఈసారి పంచనామాలో "హాజరు కాలేదు" అన్న ముక్క లేదు. గట్టు ఎంత జరిగిందో కొలతల్లో పడింది. కేసు ఇంకా నడుస్తోంది, గెలిచామని నేను చెప్పను. కానీ కాగితం మీద మనం ఉన్నాం.

ఒక్క జాగ్రత్త చెప్పి ముగిస్తాను. అన్ని కారణాలూ చీటీ మీద రాసేవి కావు. మన పిలుపు ఒక గంటలో అవతలివాళ్ల ఫోనులోనూ ఉంటుంది, అది గుర్తుంచుకోవాలి. ఒక ఆడపిల్లకి అన్యాయం జరిగితే ఆమె పేరు, ఇంటి పేరు, ఆమె ఎవరో తెలిసే ఏ వివరమూ రాయకూడదు. చట్టమే ఒప్పుకోదు. పాత శిక్షాస్మృతిలోనూ ఒప్పుకోలేదు, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ 72వ సెక్షన్ అదే చెప్తోంది. అలాంటప్పుడు, "మన వాడలో ఒక కుటుంబానికి రేపు పోలీసుల దగ్గర తోడు కావాలి, ఎనిమిది మంది చాలు, వివరం వచ్చాక చెప్తాం, ఎందుకు ఇప్పుడు రాయడం లేదో కూడా అక్కడే చెప్తాం" అని రాయండి. పూర్తి కారణం చెప్పలేకపోతే, చెప్పలేకపోవడానికి కారణం చెప్పండి. అదీ ఒక మర్యాదే.

పిలిచే ముందు ఇంకొకటి అడుక్కోండి. ఈ మీటింగు రేపు సాయంత్రం పెడితే ఏం పోతుంది? ఏమీ పోదంటే ఇవ్వాళ పిలవకండి. ఆ పూట జనాన్ని వాళ్ల పని చేసుకోనివ్వండి. ఏదో పోతుంది అంటే, ఆ పోయేది ఏమిటో మొదటి వాక్యంలో రాయండి. అప్పుడు జనం వాళ్లంతట వాళ్లే వస్తారు.

సంఘాల్లో పనిచేసే అన్నలూ, అక్కలూ, నాలాంటి పంతుళ్లూ! మన జనానికి ఆస్తి లేదు. ఉన్నది వాళ్ల పూట ఒక్కటే. దాన్ని అడిగేటప్పుడు ఎందుకో చెప్పి అడుగుదాం.

జై భీమ్.